ఐవీ ఎక్కువుంటే క్రెడిట్, తక్కువుంటే డెబిట్: సూత్రాన్ని విప్పి చూస్తున్న ప్రాజెక్టు డైరీ

1వ రోజు

నా ట్రేడింగ్ నోటుపుస్తకం మొదటి పేజీలో ఎప్పుడో రాసుకున్న వాక్యం ఒకటుంది: "ఐవీ ఎక్కువుంటే క్రెడిట్ స్ప్రెడ్, తక్కువుంటే డెబిట్ స్ప్రెడ్." ఐవీ అంటే ఇంప్లయిడ్ వొలటాలిటీ, మార్కెట్ ఇకముందు ఎంత కదులుతుందని ఆప్షన్ ధర అనుకుంటోందో ఆ అంచనా. క్రెడిట్ స్ప్రెడ్‌లో మొదట్లో డబ్బు చేతికొస్తుంది, డెబిట్ స్ప్రెడ్‌లో చేతినుంచి పోతుంది. ఆప్షన్ల ధర ఎక్కువగా ఉన్నప్పుడు అమ్మాలి, చవగ్గా ఉన్నప్పుడు కొనాలి అన్నది ఆ వాక్యం వెనకున్న ఆలోచన. ఇన్నాళ్లూ దాన్నే నమ్ముకుని నడిచాను. తేడా ఎన్ని పాయింట్లు, ఎక్కడినుంచి వస్తుంది అని ఎవరైనా అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసమే ఈ ప్రాజెక్టు. నిజం డబ్బు ఏమీ పెట్టడం లేదు, లెక్కలూ పేపర్ ట్రేడ్లూ మాత్రమే.

లెక్క తేలిగ్గా ఉండాలని ఇండెక్స్ 1000 దగ్గర ఉందనుకున్నాను. ఎక్స్‌పైరీకి 30 రోజులు. వడ్డీ, డివిడెండ్ సున్నా. అంకెలన్నీ పాయింట్లలోనే. నా అభిప్రాయం ఒక మోస్తరు బుల్లిష్, అంటే పెరగొచ్చు, కనీసం పెద్దగా పడదు అని. దానికి రెండు స్ప్రెడ్లు తీసుకున్నాను. మొదటిది డెబిట్: 1000 కాల్ కొని 1050 కాల్ అమ్మడం. రెండోది క్రెడిట్: 950 పుట్ అమ్మి 900 పుట్ కొనడం. రెండింటికీ స్ట్రైకుల మధ్య దూరం 50.

ధర కట్టడానికి 1973 నాటి బ్లాక్-షోల్స్ సూత్రమే చాలు:

```python
from math import log, sqrt, erf

def N(x):
    return 0.5 * (1 + erf(x / sqrt(2)))

def opt(kind, S, K, days, iv):
    v = iv * sqrt(days / 365)
    d1 = log(S / K) / v + v / 2
    call = S * N(d1) - K * N(d1 - v)
    return call if kind == "C" else call - S + K
```

ముందు ఐవీ 15 శాతం, తర్వాత 30 శాతం పెట్టి నడిపాను. డెబిట్ స్ప్రెడ్ ధర 14.33 నుంచి 18.64 కి పెరిగింది. క్రెడిట్ స్ప్రెడ్‌లో చేతికొచ్చే ప్రీమియం 2.29 నుంచి 9.87 కి పెరిగింది.

ఈ రెండు మార్పులూ ఒకే స్థాయివి కావని చూడగానే తెలిసింది. ఐవీ రెట్టింపయితే డెబిట్ స్ప్రెడ్ ఖరీదు మూడో వంతు కూడా పెరగలేదు, ఎందుకంటే కొన్న కాల్‌తో పాటు అమ్మిన కాల్ కూడా ఖరీదైంది. క్రెడిట్ మాత్రం నాలుగు రెట్లు దాటింది. 15 దగ్గర 2.29 తీసుకుని 47.71 రిస్కులో పెట్టాలి. 30 దగ్గర 9.87 తీసుకుని 40.13 రిస్కులో పెట్టాలి. కాబట్టి ఐవీ తక్కువున్నప్పుడు దూరంగా ఉన్న క్రెడిట్ స్ప్రెడ్ ఎంత అన్యాయమైన బేరమో, ఐవీ ఎక్కువున్నప్పుడు డెబిట్ స్ప్రెడ్ అంత అన్యాయమైంది కాదు. నోటుపుస్తకంలోని వాక్యం రెండు వైపులకీ ఒకే బరువు ఇస్తోంది. అంకెలు ఇవ్వడం లేదు.

3వ రోజు

మొన్నటి అంకెలు ఒక పాత సహోద్యోగికి చూపించాను. నాకంటే చాలా ముందునుంచి ఆప్షన్లు చేస్తున్న మనిషి. కాసేపు చూసి ఒకటే మాటన్నాడు: "చేతికి డబ్బొస్తే అమ్మినట్టు, చేతినుంచి పోతే కొన్నట్టు అనుకుంటున్నావురా. అవే 900, 950 స్ట్రైకులు కాల్స్‌తో కట్టి చూడు."

కట్టి చూశాను. ఐవీ 30 దగ్గర 900 కాల్ కొని 950 కాల్ అమ్మితే కట్టాల్సిన డెబిట్ 40.13. మొన్న పుట్లతో కట్టిన క్రెడిట్ స్ప్రెడ్‌లో నా రిస్కు కూడా 40.13 యే. ఎక్స్‌పైరీ నాడు ఇండెక్స్ 950 పైనుంటే రెండింటిలోనూ లాభం 9.87. 900 కింద ఉంటే రెండింటిలోనూ నష్టం 40.13. మధ్యలో ఎక్కడ ముగిసినా పాయింటు తేడా లేదు. ఒకటి డెబిట్, ఇంకోటి క్రెడిట్, పొజిషన్ మాత్రం ఒక్కటే.

ఇది పుట్-కాల్ పారిటీ. పుస్తకంలో చదివిందే, నాకు తెలిసిందే. దాన్ని స్ప్రెడ్ల మీద పెట్టి చూడాలని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. అవే స్ట్రైకులు, అదే ఎక్స్‌పైరీ అయితే క్రెడిట్, డెబిట్ రెండూ కలిపి స్ట్రైకుల మధ్య దూరానికి సమానం. వడ్డీ వల్ల కొద్దిగా తేడా వస్తుంది, అంతే. మొదటి స్ప్రెడ్‌నీ ఇలాగే తిప్పొచ్చు. ఐవీ 15 దగ్గర 1050 పుట్ అమ్మి 1000 పుట్ కొంటే 35.67 క్రెడిట్ వస్తుంది, రిస్కు 14.33. పేరుకి క్రెడిట్ స్ప్రెడ్, పనికి ఐవీ తక్కువున్నప్పుడు కొనమని చెప్పే ఆ డెబిట్ స్ప్రెడ్డే.

అంటే ఐవీని బట్టి క్రెడిట్టా డెబిట్టా అని అడగడమే సరైన ప్రశ్న కాదు. డబ్బు ఏ దిక్కుగా పారుతుందన్నది ఐవీకి పట్టదు. మరి ఇంతమందికి ఆ వాక్యం ఎలా పనిచేస్తోంది?

4వ రోజు

జవాబు వేగాలో దొరికింది. ఐవీ ఒక శాతం పెరిగితే స్ప్రెడ్ విలువ ఎంత మారుతుందో వేగా చెబుతుంది. ఇండెక్స్‌కి దగ్గరున్న స్ట్రైక్ వేగా ఎక్కువ, దూరంగా ఉన్నదాని వేగా తక్కువ. స్ప్రెడ్‌లో రెండు కాళ్లుంటాయి కాబట్టి, దగ్గరున్న కాలు కొన్నదైతే మనం వొలటాలిటీ కొన్నట్టు, అమ్మినదైతే వొలటాలిటీ అమ్మినట్టు.

క్రెడిట్ స్ప్రెడ్ అనగానే మనం అలవాటుగా ఓటీఎం, అంటే ఇప్పుడే ముగిస్తే విలువేమీ లేని, స్ట్రైక్ అమ్మి, ఇంకా దూరంగా ఉన్నది హెడ్జ్‌గా కొంటాం. అక్కడ దగ్గరున్నది అమ్మిన కాలు. డెబిట్ స్ప్రెడ్ అనగానే ఏటీఎం, అంటే ఇండెక్స్ దగ్గరే ఉన్న స్ట్రైక్, కొని దూరంగా ఉన్నది అమ్ముతాం. అక్కడ దగ్గరున్నది కొన్న కాలు. నా వాక్యం పనిచేసేది ఈ అలవాటు వల్లే. స్ట్రైకులు వేరేచోట పెడితే అది తప్పుతుంది.

ఇండెక్స్‌ని 900 నుంచి 1100 దాకా జరుపుతూ 1000/1050 కాల్ స్ప్రెడ్ వేగా గీశాను. 1000 దగ్గర పాజిటివ్. 1024 దగ్గర సున్నా, అంటే దాదాపు రెండు స్ట్రైకుల నడిమధ్య. ఆ పైన నెగెటివ్. కాబట్టి ఐవీ పెరిగితే మేలని కొన్న స్ప్రెడ్, ఇండెక్స్ 1060 కి చేరాక ఐవీ తగ్గితేనే మేలనే స్థితికి వచ్చేస్తుంది. థీటా కూడా అక్కడే దిక్కు మారుతుంది. అంతవరకు రోజు గడిస్తే నష్టం, ఆ తర్వాత రోజు గడిస్తే లాభం. అవతలి స్ప్రెడ్ కూడా అంతే, ఇండెక్స్ 924 కిందికి పడితే అమ్మిన వొలటాలిటీ కాస్తా కొన్న వొలటాలిటీ అవుతుంది.

పాత వాక్యాన్ని కొట్టేశాను. దాని కింద ఇలా రాసుకున్నాను: "ఐవీ ఖరీదుగా ఉంటే దగ్గరి స్ట్రైక్ అమ్ము, చవగ్గా ఉంటే దగ్గరి స్ట్రైక్ కొను."

6వ రోజు

ఖరీదు అంటే దేనితో పోలిస్తే? ఇన్నాళ్లూ ఐవీ ర్యాంక్ 50 దాటితే ఎక్కువ అనుకునేవాణ్ని. ర్యాంక్ లెక్క చిన్నది:

```text
rank = (iv_now - iv_low) / (iv_high - iv_low) * 100
```

గడిచిన ఏడాది కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య ఇవాళ్టి ఐవీ ఎక్కడుందో ఇది చెబుతుంది. చిక్కేమిటంటే ఒక్క రోజు ఉప్పెన ఏడాది మొత్తాన్నీ చెడగొడుతుంది. 2020 మార్చి 16 న, అమెరికా ఎస్&పీ 500 ఇండెక్స్ ఐవీని చూపే విక్స్ 82.69 దగ్గర ముగిసింది. అంతకుముందు ఏడాది చివర్లో అది 12 దగ్గరుంది. 2020 జూలై మొదటి సగంలో విక్స్ 30 కి కాస్త అటూ ఇటూగా తిరుగుతోంది. ఆ 30 ని సూత్రంలో పెడితే ర్యాంక్ 25 చుట్టూ వస్తుంది. అంటే ఐవీ తక్కువ, డెబిట్ స్ప్రెడ్ కొనుక్కో అని. 30 అన్నది ఎప్పుడూ తక్కువ కాదు.

అందుకే పర్సెంటైల్ కూడా పక్కన పెట్టుకున్నాను. ఏడాదిలో ఎన్ని రోజులు ఐవీ ఇవాళ్టికంటే తక్కువుందో అది లెక్కపెడుతుంది కాబట్టి ఒక్క రోజు ఉప్పెనకి అంతగా కదలదు. రెండూ ఒకే మాట చెబితే సరే, వేరు వేరు మాటలు చెబితే చార్ట్ తెరిచి కళ్లతో చూడాలి.

అయినా ఈ రెండూ ఐవీని పాత ఐవీతో పోల్చేవే. స్ప్రెడ్ లాభనష్టాల్ని తేల్చేది మాత్రం ఇకముందు మార్కెట్ నిజంగా ఎంత కదులుతుందన్నది. ఐవీ 30 ఉండి, మార్కెట్ కూడా ఆ స్థాయిలోనే కదిలితే 9.87 ప్రీమియం సరిగ్గా న్యాయమైన ధర. అందులో నాకు మిగిలేది సగటున సున్నా. 30 అంటే రోజువారీ కదలిక ఎంతో చూడాలంటే 16 తో భాగిస్తే చాలు, ఏడాదిలో ట్రేడింగ్ రోజులు 252 కి వర్గమూలం దాదాపు అంతే. 30 అయితే రోజుకి దగ్గరదగ్గర 1.9 శాతం. గత 20 రోజుల్లో ఇండెక్స్ అలా కదులుతోందా అని ఇప్పుడు ముందు అదే చూస్తున్నాను.

9వ రోజు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన పరీక్ష ఇవాళ్టిది. ఐవీ ఎంతున్నా మార్కెట్ నిజంగా 20 శాతం వొలటాలిటీతో కదిలిందనుకున్నాను. దిశలో నాకు ఏ అంచనా బలమూ లేదనుకున్నాను. అప్పుడు ఎక్స్‌పైరీదాకా ఉంచితే సగటున ఏం మిగులుతుంది? 20 శాతం పెట్టి స్ప్రెడ్ విలువ కట్టి, దాన్ని ఎంట్రీ ధరతో పోలిస్తే అదే జవాబు. డెబిట్ స్ప్రెడ్ విలువ 16.42, క్రెడిట్ స్ప్రెడ్‌ది 4.96.

```text
entry IV   1000/1050 call   950/900 put
  30           -2.22           +4.91
  15           +2.09           -2.67
```

ఎంట్రీలో ఐవీ 30 ఉంటే డెబిట్ స్ప్రెడ్‌కి 18.64 కట్టి 16.42 విలువ పొందుతున్నాను. అదే రోజు దూరపు పుట్ స్ప్రెడ్ అమ్మితే 9.87 తీసుకుని సగటున 4.96 తిరిగి ఇస్తున్నాను. ఐవీ 15 అయితే రెండూ తలకిందులవుతాయి. సూత్రానికి కావలసిన సాక్ష్యం మొదటిసారి అంకెల్లో కనిపించింది. షరతు ఒక్కటే: నిజమైన కదలిక 20 అన్న నా అంచనా నిలవాలి. నిజంగా 30 కదిలితే మొదటి వరుస రెండూ సున్నా అయిపోతాయి. ఫలితాల ప్రకటనలాంటి తేదీ ముందుండి ఐవీ పెరిగితే అది ఖరీదు కాదు, రాబోయే కుదుపుకి కట్టిన ధర. గత 20 రోజుల ప్రశాంతతతో దాన్ని పోల్చి ఖరీదనుకోవడం తప్పు. అలాంటి తేదీలు ఎక్స్‌పైరీ లోపలుంటే ఈ పట్టికని పక్కన పెట్టేస్తున్నాను.

12వ రోజు

ఎక్స్‌పైరీదాకా ఎవరు కూర్చుంటారు? ఐవీ 30 దగ్గర రెండూ మొదలుపెట్టి పది రోజుల తర్వాత ఎలా ఉంటాయో చూశాను.

ఇండెక్స్ కదలకుండా ఐవీ 20 కి దిగితే డెబిట్ స్ప్రెడ్ 3.65 నష్టంలో, క్రెడిట్ స్ప్రెడ్ 6.90 లాభంలో ఉన్నాయి. ఊహించిందే. ఇండెక్స్ 1050 కి ఎగబాకి ఐవీ 20 కి దిగితే మాత్రం డెబిట్ స్ప్రెడ్ లాభం 15.44, క్రెడిట్‌ది 9.60. ఐవీ మూడో వంతు పడిపోయినా డెబిట్టే గెలిచింది. క్రెడిట్ స్ప్రెడ్‌కి 9.87 మించి ఎప్పటికీ రాదు కాబట్టి బలంగా పైకి పోతుందన్న నమ్మకముంటే ఐవీ ఎక్కువుందన్న కారణం ఒక్కదానితో డెబిట్‌ని వదులుకోనక్కర్లేదు. దిశ బలమైతే అది ఐవీని మింగేస్తుంది.

మూడోది నన్ను ఆలోచనలో పడేసింది. ఇండెక్స్ 950 కి పడి ఐవీ 35 కి ఎగిస్తే డెబిట్ నష్టం 10.13, క్రెడిట్ నష్టం 9.60. దాదాపు సమానం. క్రెడిట్ స్ప్రెడ్ అమ్మిన స్ట్రైక్ 5 శాతం దూరంలో ఉంది కాబట్టి భద్రం అన్న ఊరట నాలో ఎప్పుడూ ఉండేది. సరిగ్గా అంతే పడితే పది రోజులకే డెబిట్‌తో సమానంగా నొప్పి పెట్టింది. అక్కడినుంచి ఇంకా పడితే డెబిట్‌లో పోయేది 18.64 దగ్గర ఆగిపోతుంది. క్రెడిట్‌లో 40.13 దాకా పోతుంది. రెండింటినీ ఒకే సంఖ్యలో లాట్లు పెట్టి పోల్చడం తప్పు అని ఇక్కడే అర్థమైంది. ఇకనుంచి గరిష్ఠ నష్టం సమానంగా ఉండేలా లాట్లు లెక్కపెట్టుకుంటున్నాను. అంటే క్రెడిట్ ఒక లాట్ అయితే డెబిట్ రెండు.

15వ రోజు

ఇంతదాకా అన్ని స్ట్రైకులకీ ఒకే ఐవీ పెట్టాను. నిజమైన ఆప్షన్ చెయిన్‌లో అలా ఉండదు. ఇండెక్స్ పుట్లలో కిందికి పోయేకొద్దీ ఐవీ పెరుగుతుంది. 950 పుట్‌కి 32, 900 పుట్‌కి 36 పెట్టి చూస్తే క్రెడిట్ 9.87 నుంచి 8.27 కి పడిపోయింది. మనం అమ్మినదానికంటే హెడ్జ్‌గా కొన్నది ఎక్కువ ఐవీలో కొంటున్నాం. స్క్రీన్ మీద ఐవీ 30 అని చూసి ఎంత ప్రీమియం వస్తుందో ఊహించుకుంటే ఈ 1.60 ముందే పోతుంది.

పారిటీ గురించి కూడా ఒక మాట. 900/950 కాల్ స్ప్రెడ్, పుట్ స్ప్రెడ్ కాగితం మీద ఒకటే కదా, ఏది కట్టినా ఒకటే అనుకుని ఐటీఎం, అంటే ఇప్పుడే ముగించినా విలువున్న, కాల్స్ కొటేషన్ చూశాను. బిడ్, ఆస్క్ మధ్య దూరం ఓటీఎం పుట్లలో కంటే చాలా ఎక్కువ. రెండు కాళ్లూ, లోపలికీ బయటికీ, నాలుగుసార్లు ఆ దూరం దాటాలి. పైగా అమెరికన్ తరహా ఆప్షన్లయితే అమ్మిన ఐటీఎం కాల్‌ని డివిడెండ్ ముందు ఎక్సర్‌సైజ్ చేసే ప్రమాదముంది. అందుకే పొజిషన్ ఒకటే అయినా ఓటీఎం ఆప్షన్లతో కట్టే రూపాన్నే ఎంచుకుంటాను. క్రెడిట్టా డెబిట్టా అన్నది నాకిప్పుడు ఇలాంటిచోటే తేలుతోంది.

ఇంకోటి, నా పాత పొరపాటు. ఐవీ తక్కువున్న నెలల్లో 950 పుట్‌కి ప్రీమియం రావడం లేదని అమ్మే స్ట్రైక్‌ని దగ్గరికి జరిపేవాణ్ని. ఐవీ 15 దగ్గర 980/930 పుట్ స్ప్రెడ్ 8.04 ఇస్తుంది. చూడ్డానికి ఐవీ 30 నాటి 9.87 కి దగ్గరగానే ఉంది. కానీ అప్పుడు 5 శాతం ఉన్న దూరం ఇప్పుడు 2 శాతమే. ప్రీమియం అంకె చూసుకుని అలాగే ఉందనుకున్నానుగానీ, చవగ్గా ఉన్న వొలటాలిటీని ఇంకా ఎక్కువగా అమ్ముతున్నానని గమనించలేదు. ఏటీఎంకి దగ్గరైన కొద్దీ అమ్మిన వేగా పెరుగుతుంది. ఆ నెలల్లో పోయిన ట్రేడ్లు తిరగేస్తే చాలావాటికి కారణం ఇదే.

18వ రోజు

ఎంట్రీ ముందు ఇప్పుడు చూసే వరుస ఇది. ఎక్స్‌పైరీ లోపల పెద్ద తేదీ ఏదైనా ఉందా. ఐవీకీ గత 20 రోజుల నిజమైన కదలికకీ తేడా ఎంత. నా దిశ అంచనా ఎంత బలం. ఆ తర్వాతే దగ్గరి స్ట్రైక్ అమ్మాలా కొనాలా అని తేల్చి, చివర్న కాల్సా పుట్లా అన్నది కొటేషన్ చూసి నిర్ణయిస్తున్నాను. ర్యాంక్, పర్సెంటైల్ సాక్షులు మాత్రమే.

మొదటి పేపర్ ట్రేడ్ వారం కిందట పెట్టాను, 30 రోజుల ఎక్స్‌పైరీతో. పోలికకి వీలుగా అప్పటి ఇండెక్స్‌ని 1000 గా మార్చి రాస్తున్నాను. ఏటీఎం ఐవీ 15, నిజమైన కదలిక 17, దగ్గర్లో తేదీలేమీ లేవు. అందుకే 1000/1050 కాల్ స్ప్రెడ్. కోడ్ 14.33 అంది, నాకు పడింది 15.30. 1050 కాల్ ఐవీ 13.5 యే ఉంది, అంటే అమ్మిన కాలు నేను అనుకున్నంత ఇవ్వలేదు. స్ట్రైక్‌ని బట్టి ఐవీ మారే ఈ స్క్యూ కాల్ వైపు కూడా నాకు ఎదురే.

ఇవాళ ఇండెక్స్ 1012, మిగిలింది 23 రోజులు, రెండు ఐవీలూ కదల్లేదు. స్ప్రెడ్ విలువ 19.40, లాభం 4.10. ఇంకో 12 పాయింట్లు పెరిగితే 1024. అక్కడ వేగా సున్నా దాటుతుంది, నేను కొన్న వొలటాలిటీ నా చేతిలో ఉండదు. ఆ గీత దాటాక స్ప్రెడ్‌ని అలాగే ఉంచాలా, మూసేసి స్ట్రైకుల్ని పైకి జరిపి మళ్లీ కొనాలా అన్నదానికి కోడ్‌లో ఇంకా ఏమీ లేదు. రేపు రాయాల్సింది ఆ భాగమే.